పన్నెండు కెల్విన్‌ల దగ్గర

ఆరోసారి కూడా గీత వంగింది.

ధనశ్రీ కంప్యూటర్ తెర మీది చుక్కల్ని చూస్తూ కూర్చుంది. రెండున్నర కెల్విన్‌ల నుంచి అయిదు దాకా, అంటే మంచుగడ్డ కన్నా దాదాపు రెండువందల డెబ్భై డిగ్రీల దిగువన, చుక్కలన్నీ బుద్ధిగా ఒకే ఎత్తులో ఉన్నాయి. ఆరు దాటాక మెల్లగా లేచాయి. పన్నెండు దగ్గర అన్నిటికంటే ఎత్తుకు పోయి, అక్కణ్ణుంచి మళ్ళీ దిగాయి. పక్కన కంప్రెసర్ దడదడమంటోంది. ఆ చప్పుడుకి మూడేళ్ళుగా అలవాటుపడిన చెవులకి అది ఆగిపోతే తప్ప వినిపించదు.

తూర్పుతీర పదార్థ పరిశోధనా కేంద్రంలో అతిశీతల ప్రయోగశాల అంటే ఒకటే గది. ఆ గదిలో ధనశ్రీ పని కూడా ఒకటే. చిటికెనవేలి గోరంత స్ఫటికం ముక్కకి, గాలి తీసేసిన డబ్బాలో, లెక్కపెట్టినంత వేడి ఇచ్చి, ఉష్ణోగ్రత ఎంత పెరిగిందో చూడాలి. దాన్నిబట్టి ఆ స్ఫటికం ఎంత వేడిని పట్టుకోగలదో తెలుస్తుంది. స్ఫటికం ఈ కేంద్రంలోనే పెంచిన ఓ మిశ్రమ లవణం. గాజులా తేటగా ఉంటుంది, కరెంటును పారనివ్వదు.

అదే స్ఫటికాన్ని ఆరేళ్ళ క్రితం దేవీప్రసాద్ కొలిచాడు. అతని పరిశోధనా పత్రంలో గీత రెండున్నర నుంచి ఇరవై కెల్విన్‌ల దాకా ఎక్కడా వంగలేదు. ఆ పత్రం మీద అతని పేరూ, గైడు శివరామకృష్ణ పేరూ ఉన్నాయి. ఇప్పుడు శివరామకృష్ణే ధనశ్రీకి గైడు. ఆమె థీసిస్ అంతా ఆ పాత గీత మీద కట్టాల్సిందే. అందులో వేరే లోహపు అణువులు కొద్దిగా కలిపితే ఏమవుతుందన్నది ఆమె ప్రశ్న. అసలు స్ఫటికం గీతే కలవకపోతే కలిపినదాని సంగతి ఎవరడుగుతారు.

మూడేళ్ళూ తప్పు తనదే అనుకుంది. స్ఫటికాన్ని అంటించే గ్రీజు ఎక్కువైందేమోనని తగ్గించింది. స్ఫటికం పెట్టకుండా ఒట్టి పీఠాన్ని నాలుగుసార్లు కొలిచి, దాని వాటాని లెక్కలోంచి తీసేసింది. స్వచ్ఛమైన రాగి ముక్క పెట్టి కొలిస్తే పుస్తకాల్లో ఉన్న అంకెలే వచ్చాయి. అంటే యంత్రం అబద్ధమాడటం లేదు. మళ్ళీ స్ఫటికం పెడితే మళ్ళీ వంపే.

శివరామకృష్ణ గారు మధ్యాహ్నం వచ్చి, నిలబడే చూశారు.

"పాత డేటాతో కలవటం లేదు కదమ్మా."

"రాగి కరెక్టుగానే వస్తోంది సర్."

"రాగి సంగతి నేనడగలేదు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గోదావరి జిల్లా నుంచి ముప్పయ్యేళ్ళ క్రితం వచ్చిన మనిషి. గొంతు పెంచటం ఎవరూ వినలేదు. "చూడమ్మా, పది కెల్విన్‌ల పైన మన థర్మామీటరు మీద నాకు నమ్మకం లేదు. పది దాటిన పాయింట్లు వదిలెయ్. కిందివాటికి గీత గీసి చాప్టర్ ఇచ్చెయ్. నెలాఖరుకి సినాప్సిస్ పంపాలి."

"ఆరు నుంచే లేస్తోంది సర్."

"ఎర్రర్ బార్లు కాస్త పెద్దవి పెట్టు. సర్దుకుంటాయి."

ఆయన వెళ్ళిపోయాక ధనశ్రీ దేవీప్రసాద్ థీసిస్ తీసి మొదటి పేజీ నుంచి చదవటం మొదలుపెట్టింది. ఇదివరకు ఈ కొలతలున్న ఆరో అధ్యాయమే చదివింది. మిగతావి తనకి అక్కర్లేదనుకుంది.

తను చదువుతున్నది ఎవరి రాతో ఆమెకి బాగా తెలుసు. ధనశ్రీ వాళ్ళలాగే దేవీప్రసాద్ వాళ్ళది కూడా మల్కాపురమే. రెండు వీధులు అవతల. ధనశ్రీ డిగ్రీ చదివేటప్పుడు అతను ద్వారకా నగర్‌లో ఓ కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెప్పేవాడు, ఇప్పుడూ అక్కడే చెబుతున్నాడు. ఆమెని ఈ చదువులోకి లాక్కొచ్చింది అతని పాఠమే. రిఫైనరీ కూలీ గవర్రాజు కూతురు పరిశోధన చేస్తుందని ఎవరనుకున్నారు.

ఆ పాఠం ఆమెకి మాట మాటా గుర్తుంది.

"అణువులు ఒకదాన్నొకటి పట్టుకొని ఊగుతుంటాయి," అనేవాడు. "ఆ ఊగుడంతా అలలు. ఒక్కో అల వేడిని ఎలాగంటే అలాగ పుచ్చుకోదు, పొట్లాలుగానే పుచ్చుకుంటాది. ఆ పొట్లాన్నే ఫోనాన్ అంటాం. గబగబా ఊగే పొట్టి అలకి పెద్ద పొట్లం కావాలి. మెల్లగా ఊగే పొడుగు అలకి చిన్నది సాలు. ఇప్పుడు చలిలో కూకున్నాం. మన చేతిలో చిల్లర ఉంది గానీ పెద్ద నోటు లేదు. పెద్ద పొట్లం అడిగే అలలకి ఇవ్వలేం, అవి పడుకునే ఉంటాయి. లేచినవి ఎన్నో లెక్కెట్టండి. ఉష్ణధారణ అంటే ఆ లెక్కే."

లెక్క పెట్టటానికి అతను పోర్టు చూపించేవాడు. ఒక్కో అలకి మూడు అంకెలు, పొడుగులో ఎన్నిసార్లు మడత పడింది, వెడల్పులో ఎన్ని, ఎత్తులో ఎన్ని. మూడు అంకెలంటే అది యార్డులో పేర్చిన ఒక కంటైనర్ లాంటిది, ఏ వరస, ఏ అడ్డం, ఎన్నో అంతస్తు. ఉష్ణోగ్రత సగమైతే మనం అందుకోగలిగినది పొడుగులో సగం, వెడల్పులో సగం, ఎత్తులో సగం. నిజానికి డబ్బా ఆకారం కాదు, గోళంలో ఒక ముక్క, అయినా లెక్క అదే. సగం, సగం, సగం. ఎనిమిదో వంతు. అందుకే ఉష్ణోగ్రత ఘనంతో పాటు ఉష్ణధారణ పడిపోతుంది. ఒంటి గొలుసులా ఉన్న వస్తువైతే సగమే అయ్యేది, పలచటి పొరైతే నాలుగో వంతు. లోహమైతే ఎలక్ట్రాన్లు తమ వాటా వేరే పట్టుకొస్తాయి. ఇక్కడ అవి లేవు, ఉన్నవి అలలే.

అందుకే ధనశ్రీ కొలిచిన ఉష్ణధారణని ఉష్ణోగ్రత ఘనంతో భాగించి చుక్కలు పెడుతుంది. సూత్రం పనిచేసినంత మేరా చుక్కలు ఒకే ఎత్తులో ఉండాలి.

ఎంత మేర అన్నదే ప్రశ్న.

నాలుగో అధ్యాయం దగ్గర ఆమె ఆగిపోయింది. అందులో దేవీప్రసాద్ అదే స్ఫటికం మీద లేజర్ కాంతి వేసి, లోపలి ఊగుళ్ళని వెతికాడు. లవణంలో ఉన్న బరువైన అణువు తన గూట్లో తానే ఊగుతోందని కనిపెట్టాడు. చాలా నెమ్మదైన ఊగుడు. దాని పొట్లం పరిమాణం ఉష్ణోగ్రత లెక్కలో అరవై కెల్విన్‌లు అని తనే రాశాడు.

ధనశ్రీ కాగితం తీసుకుంది. గోళంలో లెక్కపెట్టిన అలలు కాక, ఈ ఊగుళ్ళు వేరే ఉన్నాయి. స్ఫటికంలో ఎన్ని గూళ్ళున్నాయో అన్ని. ఇవన్నీ దాదాపు ఒకే పొట్లం దగ్గర గుంపుగా కూర్చున్నాయి. నిద్రలేవటం గీత గీసినట్టు జరగదు. పొట్లం పెద్దదైనా అదృష్టం కొద్దీ అందుకునేవి కొన్ని ఎప్పుడూ ఉంటాయి. అరవై కెల్విన్‌ల గుంపు ఉంటే ఘనంతో భాగించిన గీతలో అది అరవైలో అయిదో వంతు దగ్గర, అంటే పన్నెండు దగ్గర, గుట్టలా కనపడాలి. కనపడకుండా ఉండే వీలు లేదు. అది కాక, పొట్టి అలలు పొడుగు అలలంత వేగంగా పోవు, వెనకబడతాయి, వాటి పొట్లాలు చిన్నవవుతాయి, కాబట్టి అనుకున్నదానికంటే ముందే లేస్తాయి. అదీ గీతని పైకే లేపుతుంది.

నాలుగో అధ్యాయం నిజమైతే ఆరో అధ్యాయం నిజం కాదు. రెండూ రాసింది ఒకడే.

మూడేళ్ళ పాటు తనని తాను తిట్టుకున్న మనిషికి సంతోషం రావాలి. రాలేదు.

మర్నాడు పొద్దున్నే టెక్నీషియన్ తిరుమలరావుని కంప్రెసర్ రిజిస్టరు అడిగింది. ఆయన ఇరవై ఆరేళ్ళుగా ఆ యంత్రాలతోనే ఉన్నాడు.

"పాతదేటమ్మా? ఏ ఏడుది?"

"దేవీప్రసాద్ గారు సేసినప్పటిది."

తిరుమలరావు ఆమె మొహంలోకి ఓసారి చూసి, బీరువా తాళం తీశాడు. రిజిస్టరు బల్ల మీద పెట్టి, పేజీ తిప్పకుండానే అన్నాడు. "ఆగస్టు పంతొమ్మిదిన గ్యాసు కారిపోనాది. డిసెంబరు దాకా మిషను ఆడలేదు. నాకు గ్యాపకముంది."

ఆరో అధ్యాయంలో అయిదు కెల్విన్‌ల పైన కొలతల తేదీలన్నీ అక్టోబరువి. రిజిస్టర్లో మరమ్మతు కోసం పెట్టిన అర్జీ నకలు అంటించి ఉంది. దాని కింద శివరామకృష్ణ గారి సంతకం.

"నానేటీ సెప్పలేదు," అన్నాడు తిరుమలరావు. "నువ్వు సూసుకున్నావ్. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది."

ఆ శనివారం ఆమె బస్సు దిగి బస్టాండు కాంప్లెక్స్ వెనక సందులోంచి కోచింగ్ సెంటరుకి నడిచింది. మెట్ల పక్కన దేవీప్రసాద్ ఫొటో ఉన్న ఫ్లెక్సీ. పేరు ముందు డాక్టర్ అని ఎర్ర అక్షరాలు. క్లాసు అయ్యేదాకా బయట బెంచీ మీద కూర్చుంది. అతను సుద్ద చేతులు దులుపుకుంటూ వచ్చి, ఆమెని చూసి నవ్వాడు.

"ఏటమ్మా ధనా, ఇలగొచ్చావ్? థీసిస్ అయిపోయిందేటి?"

ఆమె గ్రాఫు తీసి ఇచ్చింది. అతను కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకొని చాలాసేపు చూశాడు. నవ్వు ఎప్పుడు పోయిందో ఆమెకి తెలియలేదు.

"పన్నెండా?" అన్నాడు చివరికి.

"పన్నెండే మేస్టారూ."

"ఎంత లేసింది?"

"నలభై శాతం."

"అంతుంటాదనుకోలేదు." అతను ఆమె పక్కన బెంచీ మీద కూర్చుని గ్రాఫుని మడవకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. "పాతిక దాకా అనుకున్నాను."

"అయితే మీకు తెలుసు."

"నాకు తెల్దా? నాలుగో చాప్టరు రాసిందెవుడు?" గొంతు తగ్గించాడు. లోపల పిల్లలు తర్వాతి క్లాసుకి సర్దుకుంటున్నారు. "అయిదు దాకా నిజంగానే కొలిచాను ధనా. ఆ సుక్కలు నావి. అక్కడ మిషను ఆగిపోనాది. ఫెలోషిప్ అయిపోతంది. సారు ఫోన్ సేసి, ఎలాగూ ఘనమే కదయ్యా, ఇరవై దాకా పొడిగించెయ్, డిసెంబర్లో కొలిసి సరిసేద్దాం అన్నారు. డిసెంబర్లో పత్రం అచ్చయిపోయింది. ఇంక కొలిసేదేటి."

"వంపైనా పెట్టలేకపోయారా?"

"ఎంత పెట్టను? గుట్ట ఎంతెత్తో కొలవకుండా ఎవుడు సెప్తాడు? తప్పు వంపు పెడితే ఎవుడో ఒకడు అడుగుతాడు. గీత పెడితే ఎవుడూ అడగడు. పుస్తకంలో ఉన్నది కదా. ఆరేళ్ళు ఎవుడూ అడగలేదు."

ఆమె తల దించుకుంది. ఆ వెంటనే అతను అడిగినదానికి ఆమె సిద్ధంగా లేదు.

"ఒక్క సంవత్సరం ఆగగలవా? గవర్నమెంటు కాలేజీ లెక్చరర్ పోస్టుకి ఇంటర్వ్యూ అయింది. లిస్టు రావాలి. ఈ డిగ్రీ మీదే." కాస్త ఆగి, "నిన్ను అడక్కూడదు. అడుగుతన్నాను," అన్నాడు.

"సారు నన్ను కూడా గీయమంటన్నారు మేస్టారూ. నెలాఖరుకి."

గంట కొట్టారు. దేవీప్రసాద్ గ్రాఫు ఆమె చేతికిచ్చి క్లాసులోకి వెళ్ళాడు. ఆమె మెట్లు దిగుతుంటే అతని గొంతు వినిపించింది. ఏదో లెక్క చెబుతున్నాడు. మధ్యలో ఆగి, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పది రోజులు ధనశ్రీ ఎటూ తేల్చుకోలేదు. గీత గీయలేదు, ఫిర్యాదూ రాయలేదు. ఏడోసారి స్ఫటికం పెట్టి కొలిచింది. పన్నెండు దగ్గర గుట్ట అక్కడే ఉంది. పది పైన తీసేసి, కొలత ఎంత అటూఇటూ ఉండొచ్చో చెప్పే ఎర్రర్ బార్లు పెంచి చూసింది. నిజంగానే సర్దుకుంది. ఎవరు చూసినా నమ్మేలా ఉంది. ఆ ఫైలు చెరిపేసింది. ఆ సాయంత్రమే డైరెక్టరుకి ఉత్తరం రాసింది. అందులో ఇద్దరి పేర్లూ రాసింది. గీత గీసినవాడిదీ, గీయమన్నవాడిదీ.

కమిటీ వేశారు. ముగ్గురు పెద్దలు, పొడుగాటి బల్ల, మంచినీళ్ళ సీసాలు. ధనశ్రీ లెక్క వివరించింది. అలల్ని ఎలా లెక్కపెట్టాలో, అరవై గుంపు పన్నెండు దగ్గర ఎందుకు కనపడి తీరాలో చెప్పింది. వాళ్ళకి అర్థమైంది, అందులో ఎవరికీ అనుమానం లేదు. రిజిస్టరు చూశారు. తేదీలు చూశారు.

"మరమ్మతు అర్జీ మీద శివరామకృష్ణ గారి సంతకం ఉంది సర్," అంది ధనశ్రీ. "యంత్రం ఆగిపోయిందని ఆయనకి తెలుసు. పత్రంలో అక్టోబరు కొలతలున్నాయి."

ఛైర్మన్ రిజిస్టరు మూశారు. "హెచ్.ఓ.డి. కదా, ఆయన రోజుకి యాభై కాగితాల మీద సంతకం పెడతారమ్మా. పరిశోధకుడు తెచ్చిన డేటా నమ్మటం గైడు చేసిన నేరం కాదు."

"నాకు పది దాటిన పాయింట్లు వదిలెయ్యమని చెప్పారు."

"రాతపూర్వకంగా ఏమైనా ఉందా?"

లేదు. దేవీప్రసాద్ దగ్గరా లేదు. ఉన్నది ఆరేళ్ళ నాటి ఒక ఫోను మాట. తిరుమలరావుని పిలిచి అడిగితే, రిజిస్టర్లో ఏముంటే అదే నిజం, అంతకుమించి నాకు తెలియదండీ అన్నాడు. ధనశ్రీ వైపు చూడలేదు.

దేవీప్రసాద్ వంతు వచ్చినప్పుడు ఆమె బయట వరండాలో ఉంది. అతను లోపల అయిదు నిమిషాలే ఉన్నాడు. తర్వాత తెలిసింది. అన్నీ ఒప్పుకున్నాడట. సారు మాట ఎత్తితే, ఆధారం లేని మాట రాసుకోలేమన్నారట. శివరామకృష్ణ గారు అదే బల్ల దగ్గర కూర్చుని, చాలా బాధగా ఉంది, సొంత పిల్లాడిలా చూశాను అన్నారట. బయటికొచ్చిన దేవీప్రసాద్ ధనశ్రీ ముందు నుంచే నడిచి వెళ్ళాడు. చెప్పులు వేసుకోవటానికి వంగి, పట్టీ బిగించుకోవటం చేత కాక, అలాగే ఈడ్చుకుంటూ పోయాడు.

రెండు నెలల్లో డిగ్రీ రద్దు చేశారు. లెక్చరర్ పోస్టు లిస్టులో అతని పేరు వచ్చింది, వచ్చిన వారానికి తీసేశారు. కోచింగ్ సెంటరు వాళ్ళు ఫ్లెక్సీ మార్చారు. మల్కాపురంలో అద్దెకున్న ఇల్లు ఖాళీ చేసి, భార్య రాణి వాళ్ళ ఊరు, విజయనగరం అవతల ఎక్కడికో వెళ్ళారని ధనశ్రీ తల్లి నాగమణి చెప్పింది.

"ఆళ్ళ పిల్ల గుంటలకి బళ్ళో సీటెట్టించింది ఈ మధ్యనే," అంది నాగమణి. "మళ్ళీ టీసీలు తీసీసుకుని పోనారు." కూతురి మీద కోపం లేదు. కూరలో ఉప్పు చూస్తూ అంది.

పాత పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకి ఉత్తరం వెళ్ళింది. కొత్త పత్రం ధనశ్రీ కొలతలతో సిద్ధమైంది. అందులో పన్నెండు దగ్గరి గుట్ట ఉంది, అరవై గుంపు వివరణ ఉంది. రచయితల వరసలో ఆఖరి పేరు శివరామకృష్ణది. మొదటి పేరాలో ఒక వాక్యం ఆయనే చేర్చారు. ఇంతకుముందు మా బృందం ప్రకటించిన కొలతల్లో లోపాన్ని మేమే గుర్తించి సరిదిద్దుతున్నాం అని.

"మేమే అంటే ఎవరు సర్?" అని అడిగింది ధనశ్రీ.

"బృందం అమ్మా. నువ్వూ నేనూ." కాగితం ఆమె వైపు జరిపారు. "గైడుని మార్చుకోవచ్చు నువ్వు. నాకభ్యంతరం లేదు. కానీ ఈ యంత్రం మీద పని చేసేవాళ్ళు ఇంకెవరున్నారు ఇక్కడ? మళ్ళీ మొదటి నుంచి నాలుగేళ్ళు."

ఆమె సంతకం పెట్టింది. కలం పెట్టిన చోట కాగితం కొంచెం చిరిగింది. థీసిస్ కృతజ్ఞతల పేజీలో దేవీప్రసాద్ పేరు రాస్తే, ఇది బాగోదమ్మా అని ఆయన పెన్సిలుతో గీత పెట్టారు. అదీ తీసేసింది.

మౌఖిక పరీక్షకి బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దాయన మొదటి ప్రశ్నగా, విద్యుత్తు పారని పదార్థంలో ఉష్ణధారణ ఉష్ణోగ్రత ఘనంతోనే ఎందుకు తగ్గాలి, సూత్రం రాయకుండా చెప్పు అన్నారు. ధనశ్రీ పోర్టు యార్డు గురించి చెప్పింది. మూడు అంకెలు, సగం, సగం, సగం. ఎక్కడిదాకా ఆ లెక్క నిలుస్తుందో, ఎక్కడ ఎందుకు తప్పుతుందో చెప్పింది. ఆయనకి బాగా నచ్చింది.

"ఈ ఉదాహరణ ఏ పుస్తకంలోనూ చూడలేదు. నీదేనా?"

ముందు వరసలో శివరామకృష్ణ గారు కూర్చుని ఉన్నారు.

"కాదు సర్. దేవీప్రసాద్ గారిది. నాకు లెక్కపెట్టటం నేర్పింది ఆయనే. మొదటి స్లయిడులో వెనక్కి తీసుకున్న పత్రం ఉంది కదా, అది రాసింది కూడా ఆయనే."

పెద్దాయన ఏదో అడగబోయి, శివరామకృష్ణ గారి వైపు చూసి, మానేశారు. తర్వాతి స్లయిడ్ అన్నారు.

పట్టా ఖాయమైంది. మిఠాయి పంచారు. తిరుమలరావు రెండు తీసుకుని వెళ్ళిపోయాడు. ధనశ్రీ ఆవరణ గేటు దగ్గర నిలబడి, దేవీప్రసాద్ కొత్త నంబరు కనుక్కుని ఫోన్ చేసింది. రాణి ఎత్తింది.

"నాను ధనశ్రీనండి. మేస్టారున్నారా?"

అవతల కుక్కర్ ఈల ఒకటి వినిపించింది.

"పడుకున్నారు," అంది రాణి. పగలు మూడు గంటలు. "నువ్వు మళ్ళీ సెయ్యకమ్మా. నీ ఫోన్ అని తెలిస్తే రెండు రోజులు అన్నం తినరు."

ఫోన్ పెట్టేసింది. మల్కాపురం బస్సు వచ్చింది. జనం ఎక్కువగా ఉన్నారు. ధనశ్రీ ఎక్కలేదు. తర్వాత వచ్చినదాన్నీ ఎక్కలేదు.